1.20 అంటే ఎంత? గుంటలు సెంట్లుగా మారిపోయిన ఒక పంపకాల దస్తావేజు

నల్గొండ జిల్లాలో సాగర్ ఎడమ కాలువ కింద ఉన్న ఒక పట్టణంలో నేను దస్తావేజులు రాస్తాను. ఇది ఇద్దరు అన్నదమ్ముల కేసు. ఊరు, సర్వే నంబరు, ఎవరి పేర్లూ చెప్పను. విస్తీర్ణాలు మాత్రం ఉన్నవి ఉన్నట్టే ఇస్తున్నాను, ఎందుకంటే పేచీ అంతా వాటిలోనే ఉంది.

నేపథ్యం

మా ప్రాంతంలో భూమికి రెండు భాషలున్నాయి. ఇక్కడి రైతులది, రెవెన్యూ రికార్డులది గుంటల లెక్క. ఎకరానికి 40 గుంటలు, గుంటకు 121 గజాలు. కాలువ నీళ్లు వచ్చాక గుంటూరు, కృష్ణా వైపు నుంచి వచ్చి భూములు కొన్న కుటుంబాలది సెంట్ల లెక్క. ఎకరానికి 100 సెంట్లు, సెంటుకు 48.4 గజాలు. గుంటకు రెండున్నర సెంట్లు. రెండు భాషలూ తెలిసినవాళ్లే మా దగ్గర ఎక్కువ కాబట్టి మాటల్లో ఇబ్బంది రాదు. కాగితం మీద రెండు లెక్కలనూ ఒకేలా రాస్తారు, చిక్కు అక్కడే. ఎకరం ఇరవై గుంటలైనా 1.20, ఎకరం ఇరవై సెంట్లైనా 1.20. మొదటిది 7,260 గజాలు, రెండోది 5,808 గజాలు.

ఈ అన్నదమ్ముల తండ్రి అలా వచ్చి స్థిరపడిన మనిషి. 1991లో ఒక స్థానిక రైతు దగ్గర రోడ్డు పక్కన భూమి కొన్నాడు. ఆ సర్వే నంబరు మొత్తం 5 ఎకరాల 12 గుంటలు. అందులో ఆయన కొన్నది ఎకరం 20 గుంటలు. రోడ్డు వెంట 330 అడుగులు, లోపలికి 198 అడుగులు. ఆయన పోయాక 2006లో అన్నదమ్ములు రిజిస్టర్డ్ పార్టిషన్ డీడ్ రాసుకున్నారు. మధ్యలో గెట్టు వేసి, తూర్పు సగం అన్న, పడమటి సగం తమ్ముడు తీసుకున్నారు. ఆ తర్వాత ఇద్దరి భూమికీ నాలా కన్వర్షన్, అంటే వ్యవసాయేతర భూమిగా మార్పు, అయింది. అన్న గోడౌన్ వేసుకున్నాడు. తమ్ముడిది ఖాళీగానే ఉంది.

నా దగ్గరికి వచ్చిన సమస్య

తమ్ముడు తన సగం అమ్ముతున్నాడు. కొనేవాడు బ్యాంకు లోన్ పెట్టుకున్నాడు. బ్యాంకు తరఫు లాయరు కాగితాలు చూసి వెనక్కి పంపాడు. ఆ నోట్‌లో ఒకే స్థలానికి మూడు విస్తీర్ణాలు ఉన్నాయి.

పార్టిషన్ డీడ్‌లో తమ్ముడి వాటా "0.60 సెంట్లు", అంటే 2,904 గజాలు. పాస్‌బుక్‌లో 0.3000. దీన్ని లాయరు ఆఫీసులో ఎవరో ఎకరంలో పదింట మూడు వంతులుగా చదివి 1,452 గజాలని రాశారు. అమ్మకం అగ్రిమెంట్‌లో 3,630 గజాలు.

పాస్‌బుక్ సంగతి ముందే తేల్చేస్తాను, అది తేలిక. అక్కడ చుక్క తర్వాత వచ్చే మొదటి రెండు అంకెలు గుంటలు, ఆ తర్వాతి రెండు గుంటలో భాగం. 0.3000 అంటే 30 గుంటలు. 0.3950 అంటే ముప్పైతొమ్మిదిన్నర గుంటలు. కాలమ్ పైన ఎ.గుం. అని ఉంటుంది, కానీ జిరాక్స్ తీసినప్పుడు ఆ తలకట్టు తెగిపోతే కింద మిగిలేది ఒట్టి దశాంశమే. లాయరు గారికి ఫోన్ చేసి చెబితే ఆయన వెంటనే ఒప్పుకున్నాడు. మిగిలింది 2,904కీ 3,630కీ మధ్య తేడా, 726 గజాలు. గజం రెండు వేలు అనుకున్నా పద్నాలుగున్నర లక్షలు.

"సార్, స్థలం నా కళ్ల ముందే ఉంది. మా నాన్న నాటిన రాళ్లే ఇంకా ఉన్నాయి. ఎవడూ ఒక్క అడుగు జరపలేదు. మరి ఆరు గుంటలు ఎటు పోయాయి?" అన్నాడు తమ్ముడు. ఆ ప్రశ్న నిజానికి చాలా సరైనది. స్థలం పోలేదు, కాగితంలో పోయింది. ఎక్కడ పోయిందో కాగితంలోనే వెతకాలి.

ముందు చేసినవి, పనికిరానివి

నేను మొదట చేసింది తప్పు. పాత డీడ్ జోలికి పోకుండా కొత్త సేల్ డీడ్‌లోనే అన్నీ స్పష్టంగా రాసేస్తే సరిపోతుందనుకున్నాను. షెడ్యూల్‌లో "30 గుంటలు లేదా 75 సెంట్లు లేదా 3,630 చదరపు గజాలు లేదా 32,670 చదరపు అడుగులు" అని నాలుగు కొలతలూ పెట్టాను. చదివేవాడికి ఏ లెక్క అలవాటైతే అది దొరుకుతుందని నా ఆలోచన. డ్రాఫ్ట్ లాయరుకు పోయి తిరిగి వచ్చింది. మొదటి పేజీలో 32,670 అని ఉంది, షెడ్యూల్‌లో 26,136 అని ఉంది. పాత పార్టిషన్ డీడ్ ఫైలునే కాపీ చేసి దాని మీద మా కుర్రాడు మార్పులు కొట్టాడు. అరవై సెంట్లకు వచ్చే చదరపు అడుగుల అంకె అలాగే ఉండిపోయింది. సంతకం పెట్టేముందు చూసుకోవలసింది నేను, చూసుకోలేదు.

అంతకన్నా పెద్ద తప్పు "లేదా" అన్న మాట. అమ్మేది ఇదో, అదో అన్నట్టు అర్థం వస్తుంది. నాలుగు కొలతలూ సమాన హోదాలో కూర్చుంటే, వాటిలో ఒకటి తప్పుపడ్డ రోజు ఏది అసలో ఏది దాని నకలో చెప్పేవాళ్లు ఉండరు. పైగా అమ్మేవాడికి హక్కు ఎక్కడి నుంచి వచ్చింది? 2006 డీడ్ నుంచి. అందులో అరవై సెంట్లు ఉంటే నేను కొత్త కాగితంలో డెబ్బై ఐదు అని ఎంత అందంగా రాసినా హక్కు పెరగదు.

తర్వాత కొనేవాడి తరఫు మనిషి సర్వే చేయిద్దామన్నాడు. ప్రైవేటు సర్వేయర్ వచ్చి కొలిచి 3,048 చదరపు మీటర్లని షీట్ ఇచ్చాడు. గజాల్లో 3,645. ఇంకో కొలత, ఇంకో అంకె. ఇది 3,630కి దగ్గరే, పాత రాళ్ల మధ్య కొలిచేటప్పుడు పదిహేను గజాల తేడా వింతేమీ కాదు. కానీ లాయరు ఒక్క ముక్కలో చెప్పాడు: స్థలం ఎంత ఉందో సర్వే చెబుతుంది, అది ఎవరిదో చెప్పదు. ఆ అదనపు ఆరు గుంటలు పక్కవాడివి కావని ఈ షీట్ ఎలా రుజువు చేస్తుంది? ఆయన అన్నది నిజమే.

మూడోది, తమ్ముడి చేత అఫిడవిట్. "నా వాటా 30 గుంటలే, డీడ్‌లో పొరపాటున 60 సెంట్లని పడింది" అని. ఇదీ నిలవలేదు. ఇద్దరు కలిసి రాసుకున్న దస్తావేజును ఒకడి మాటతో సరిచేయలేం. అన్న రేపు "కాదు, మిగతా ఆరు గుంటలు నావి" అంటే ఆ అఫిడవిట్‌కు విలువేముంటుంది?

తప్పు ఎక్కడ దొరికింది

అప్పుడు మొదటి నుంచి కూర్చున్నాను. 2006 డీడ్‌ను పక్కన పెట్టి 1991 డీడ్ తీశాను. వాళ్ల దగ్గరున్నది జిరాక్స్‌కు జిరాక్స్. అందులో "య. 1-20" వరకే కనిపిస్తోంది, దాని పక్కన నల్లటి మరక. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో సర్టిఫైడ్ కాపీకి పెట్టాను. వచ్చిన కాపీలో ఆ మరక ఉన్నచోట "గుం." అని ఉంది. అంతకన్నా ముఖ్యంగా, కింది లైనులో "అక్షరాల ఒక ఎకరం ఇరవై గుంటలు మాత్రమే" అని ఉంది. ఆ రోజు రాసిన లేఖరి ఎవరో తెలియదు, దణ్ణం పెట్టుకున్నాను.

ఇక 2006లో ఏం జరిగిందో కళ్లకు కట్టినట్టు కనిపించింది. రాసినాయన చేతిలో అదే మరక పడ్డ జిరాక్స్. 1-20 అన్నది 1.20 అయింది. ఇద్దరికీ సగం కావాలి. కాలిక్యులేటర్‌లో 1.20 కొట్టి రెండుతో భాగిస్తే 0.60 వచ్చింది. అరవై గుంటలంటే ఎకరంన్నర, మొత్తం భూమి అదే అయిపోతుంది, కాబట్టి అది గుంటలు కావడానికి వీల్లేదు. అందుకే అది సెంట్లే అయి ఉంటుందనుకున్నాడు. కుటుంబం కూడా సెంట్ల వాళ్లే కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. "0.60 సెంట్లు" అన్నది కూడా తప్పే, అది ఎకరంలో 0.60, లేదంటే 60 సెంట్లు అయి ఉండాలి. ఆ తర్వాత 60ని 435.6తో హెచ్చించి 26,136 చదరపు అడుగులని రాశాడు. లోపల లోపల లెక్క బ్రహ్మాండంగా కుదిరింది: 60, 60 కలిపితే 120, అంటే 1.20. ఆ అంకెలను ఆ అంకెలతోనే సరిచూసుకుంటే తప్పు పట్టుబడదు.

చుక్క తర్వాత ఉన్నవి గుంటలో సెంట్లో ఎప్పుడు పట్టుకోగలమో ఇక్కడ ఒక్క మాట చెప్పాలి. చుక్క తర్వాత 40 గానీ అంతకన్నా పెద్ద అంకె గానీ ఉంటే అది గుంట కాదని ఎవరైనా చెప్పగలరు. 39 లోపు అయితే ఆ అంకె ఒంటరిగా ఏమీ చెప్పదు. 1.20, 2.15, 0.30, వీటిని చూసి ఏ లెక్కో తేల్చడం కుదరదు. పక్కన ఇంకేదైనా సాక్ష్యం వెతకాలి.

నాకు అలాంటి సాక్ష్యాలు రెండు దొరికాయి. ఒకటి పహాణీలో, అంటే ఏ సర్వే నంబరులో ఎవరికి ఎంత భూమి ఉందో చూపే రెవెన్యూ రికార్డులో. 1991 తర్వాత ఆ సర్వే నంబరులో అమ్మిన రైతు పేరున మిగిలింది 3-32. సెంట్ల లెక్కలో తీసేస్తే 5.12 లోంచి 1.20 పోతే 3.92 రావాలి. గుంటల్లో 5-12 అంటే 212, అందులోంచి 60 పోతే 152, అంటే 3-32. తండ్రి కొన్నది గుంటల్లోనేనని అమ్మినవాడి మిగులు భూమి చెప్పింది. పాస్‌బుక్‌లో 30 గుంటలు సరిగ్గా ఎలా పడ్డాయో కూడా దీంతో అర్థమైంది. మ్యుటేషన్, అంటే రికార్డులో పేరు మార్పు, చేసినవాళ్లు డీడ్‌లోని సెంట్లు చూడలేదు, పహాణీలో తండ్రి పేరున ఉన్న 1-20ని సగం చేశారు.

రెండోది 2006 డీడ్‌లోనే ఉంది, ఇన్నాళ్లూ అందరి కళ్ల ముందే ఉంది. షెడ్యూల్‌లో హద్దుల కింద తమ్ముడి వాటా కొలతలు: తూర్పు పడమర 165 అడుగులు, ఉత్తర దక్షిణాలు 198 అడుగులు. హెచ్చిస్తే 32,670 చదరపు అడుగులు. గుంటకు 1,089 అడుగుల చొప్పున సరిగ్గా ముప్పై గుంటలు. దానికి పై లైనులోనే 26,136 అని ఉంది. రెండూ ఒకే పేజీలో, నాలుగు వేళ్ల దూరంలో. పదిహేడేళ్లలో ఆ రెండు అంకెలనూ ఎవరూ హెచ్చించి చూడలేదు, మొదటిసారి చదివినప్పుడు నేను కూడా.

పని జరిగిన దారి

ఇప్పుడు నా చేతిలో ఉన్నది కొత్త హక్కు కాదు, పాత హక్కులో పడ్డ రాతతప్పు. అందుకే సవరణ దస్తావేజు, అంటే రెక్టిఫికేషన్ డీడ్, సరిపోతుందని నిర్ణయించుకున్నాను. కొలతలు, హద్దులు, తల్లి డీడ్ అయిన 1991 దస్తావేజులోని మొత్తం విస్తీర్ణం, ఇవేవీ మారడం లేదు. మారేది విస్తీర్ణం అంకె, దాని యూనిట్ మాత్రమే. ఒకవేళ కొలతలు కూడా అరవై సెంట్లకు సరిపోయేలా ఉండి ఉంటే ఈ దారి పట్టేవాణ్ణి కాదు. సవరణ పేరుతో భూమి పెంచుతున్నారంటారు, దాన్ని కొత్త బదిలీగా చూసి స్టాంపు డ్యూటీ అడుగుతారు.

అన్న సంతకం కావాలి. అక్కడ కొంత టెన్షన్ పడ్డాం. ఫోన్‌లో తమ్ముడు "నా వాటా 60 సెంట్ల నుంచి 75కి సరిచేయాలి, వచ్చి సంతకం పెట్టు" అన్నాడట. ఆ మాట వింటే ఎవరికైనా ఏమనిపిస్తుంది? ఆయన మర్నాడు నా దగ్గరికి వచ్చి, కుర్చీలో కూడా కూర్చోకుండా, "వాడికి పదిహేను సెంట్లు పెరిగితే నాకు పదిహేను తగ్గాలి కదా. ఏ లెక్కండీ ఇది?" అని అడిగాడు.

నేను మాటలతో చెప్పలేదు. తెల్ల కాగితం మీద 330కి 198 దీర్ఘచతురస్రం గీశాను. మధ్యలో గీత. రెండు వైపులా 165, 198 రాశాను. "పెద్దాయనా, మీ గోడౌన్ వైపు కూడా హెచ్చించండి" అని కాలిక్యులేటర్ ఆయన చేతికే ఇచ్చాను. 32,670 వచ్చింది. "మీ కాగితంలో కూడా 26,136 అనే ఉంది. ఆయనది సరిచేస్తే మీదీ సరవుతుంది. రేపు మీరు అమ్మబోయినా ఇదే లాయరు ఇదే ప్రశ్న అడుగుతాడు" అన్నాను. ఆయన ఆ బొమ్మను కాసేపు చూసి కూర్చున్నాడు. "అయితే ఇద్దరిదీ ఒకే కాగితంలో రాయండి. వాడిది ముందు, నాది తర్వాత అనొద్దు" అన్నాడు. అలాగే రాశాను. సవరణలో రెండు వాటాలూ ఉండాలన్నది ఆయన షరతు అయినా, చట్టం లెక్కన కూడా అదే సరైన పద్ధతి. ఒక వాటానే సరిచేస్తే 75, 60 కలిపి 135 అయి మొత్తంతో మళ్లీ పొసగదు.

సవరణలో పొరపాటు ఎలా జరిగిందో కూడా రాశాను: మూల దస్తావేజులో గుంటల్లో ఉన్న విస్తీర్ణాన్ని సెంట్లుగా భావించి భాగించడం వల్ల. "టైపు పొరపాటు" అని ఒక్క ముక్కతో వదిలేస్తే పదేళ్ల తర్వాత చదివేవాడికి మళ్లీ అనుమానమే. సబ్ రిజిస్ట్రార్ కూడా మొదట "విస్తీర్ణం పెరుగుతోంది కదా" అన్నారు. 1991 సర్టిఫైడ్ కాపీ, 2006 డీడ్‌లో అడుగుల కొలతలు పక్కపక్కన పెట్టి చూపించాం. మొత్తం 1-20 దాటడం లేదని చూసుకుని తీసుకున్నారు.

ఆ తర్వాత సేల్ డీడ్. ఈసారి విస్తీర్ణం మొత్తం దస్తావేజులో ఒకే వాక్యంగా రాసి, ఎక్కడ అవసరమైతే అక్కడ అదే వాక్యాన్ని దింపాను: "ముప్పై గుంటలు, అనగా 3,630 చదరపు గజాలు, 3,035.14 చదరపు మీటర్లకు సమానం". రికార్డులో ఉన్నది గుంటలు కాబట్టి అది ముందు. నాలా అయిన స్థలానికి మార్కెట్ విలువ గజాల మీద కడతారు కాబట్టి అది తర్వాత. సెంట్లు, అడుగులు తీసేశాను. కొనేవాడికి సెంట్లలో కావాలంటే విడిగా చీటీ మీద రాసిచ్చాను. అడుగులు హద్దుల కొలతల్లో మాత్రమే ఉన్నాయి. అక్కడ అవి పొడవులు, విస్తీర్ణం కాదు, హెచ్చించి సరిచూసుకోవడానికి పనికొస్తాయి.

సర్వేయర్ చూపించిన పదిహేను గజాలు రాయమని కొనేవాడు గట్టిగా పట్టుబట్టాడు. రాయలేదు. అమ్మేవాడికి ఉన్న హక్కు ముప్పై గుంటలు, అంతవరకే అమ్మగలడు. హద్దులు పాత రాళ్లవే కాబట్టి స్థలం ఎటూ పోదు. ఆ పదిహేను గజాలు కాగితంలోకి ఎక్కితే మాత్రం సరిచేసిన గొలుసు మళ్లీ అక్కడే తెగుతుంది.

ఇప్పుడు మా ఆఫీసులో

ఈ కేసు తర్వాత పాత ఫైలు మీద కొత్త డీడ్ కొట్టడం మానేశాం. విస్తీర్ణాలు ఎక్సెల్‌లో వేసుకుంటాం, కానీ 1.20 అని ఒక గడిలో ఎప్పుడూ వేయం. ఎక్సెల్‌కు అది దశాంశమే, 1.20కి 2.30 కలిపితే 3.50 అంటుంది. గుంటల్లో అది 4 ఎకరాల 10 గుంటలు. అందుకే ఎకరాలు ఒక గడిలో, గుంటలు ఇంకో గడిలో. మూడో గడిలో మొత్తం గుంటలు, నాలుగో గడిలో గజాలు:

```
=A2*40+B2
=C2*121
```

గజాలు, మీటర్లు ఏవైనా ఈ మూడో గడి నుంచే పుట్టాలి, ఒకదాని నుంచి ఇంకొకటి కాదు. మీటర్లకు C2*121*0.836127 వాడతాం. 0.836127ను 0.84 అని గుండ్రం చేస్తే ఈ ముప్పై గుంటలకే పద్నాలుగు మీటర్ల తేడా వస్తుంది. ఎవరైనా "1.20" అని చీటీ తెస్తే గుంటలా సెంట్లా అని నేను అడగను, ఎవరైనా తమకు అలవాటైనదే చెబుతారు. తల్లి డీడ్‌లో అక్షరాల్లో ఏముందో తెమ్మంటాను.

ఈ కేసు తేలడానికి అన్నదమ్ములిద్దరూ బతికి ఉండటం, ఇద్దరూ ఇంకా తమ వాటాలు అమ్మకపోవడం కలిసొచ్చింది. అన్న తన సగాన్ని "60 సెంట్లు" అనే అమ్మేసి ఉంటే, సవరణకు ఆయన కొనుగోలుదారుడు కూడా రావాలి. ఆయన అరవై సెంట్లకే డబ్బు కట్టి ఉంటే, మిగతా పదిహేను సెంట్లు ఎవరివన్నది రాతతప్పు కాదు, నిజమైన తగాదా. దానికి కోర్టే దారి.

సవరణ రిజిస్టరయ్యాక అన్న తన ఒరిజినల్‌ను ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని వెళ్లాడు. గోడౌన్‌కు కట్టే పన్ను రసీదులో స్థలం ఇంకా 26,136 చదరపు అడుగులనే ఉంది. అది కూడా మార్పించుకోమని రెండుసార్లు చెప్పాను. పన్ను పెరుగుతుందేమోనని ఆయన ఇంకా ఆలోచిస్తున్నాడు.